పంచాయతీ గీత వేరు, ప్లాను గీత వేరు



ఈ మధ్య మన సంఘం సమావేశాలకు వచ్చేవాళ్ళలో సగం మంది ఒకటే మాట అడుగుతున్నారు. "మా ఊరు చెన్నపట్నంలో లేదు. కార్పొరేషన్ పన్ను మేం కట్టం, వాళ్ళ చెత్తబండి మా వీధికి రాదు. మరి మా పొలాన్ని ఇంటి జాగాలు చేసుకోవాలంటే చెన్నై వాళ్ళ ప్లాను మాకెందుకు?" తిరువళ్ళూరు జిల్లా పల్లెల్లో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలు అడుగుతున్నాయి. తాంబరం అవతల అర గ్రౌండు కొనుక్కోవాలని చీటీలు కట్టి డబ్బు కూడబెట్టిన ఉద్యోగులూ అడుగుతున్నారు. కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ప్రశ్నలో రెండు వేర్వేరు గీతలు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూడకపోతే మనవాళ్ళు తప్పు జాగా కొంటారు, లేదా తప్పు విషయం మీద పోట్లాడతారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

మొదటిది కార్పొరేషన్ గీత, లేదా పంచాయతీ గీత. ఆ గీత లోపల వీధి ఊడ్చేదెవరు, దీపం వేసేదెవరు, ఇంటి పన్ను వసూలు చేసేదెవరు అన్నది తేలుతుంది. ఇప్పటికే ఉన్న ఇళ్ళకు సేవ చేసే గీత అది. రెండోది ప్లాను గీత. ఈ నేల రేపు ఏమవుతుంది, ఇల్లా, ఫ్యాక్టరీనా, రోడ్డా, చెరువుగానే ఉండాలా అన్నది దాని లోపల తేలుతుంది. ఇంకా రాని ఊరి కోసం గీసిన గీత అది. ఇవాళ్టి ఊరికి గీసిన గీత కన్నా రేపటి ఊరికి గీసిన గీత పెద్దదిగా ఉండక తప్పదు.

చెన్నై లెక్కే చూడండి. 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టాన్ని సవరించి 1974లో సీఎండీఏకి చట్టబద్ధమైన రూపం ఇచ్చారు. దాని ప్లాను ప్రాంతం 1,189 చదరపు కిలోమీటర్లు. ఆ సీఎండీఏ రెండో మాస్టర్ ప్లాను 2008లో అమల్లోకి వచ్చేనాటికి కార్పొరేషన్ వైశాల్యం 176 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అంటే ప్లాను ప్రాంతంలో దాదాపు ఏడో వంతే. మిగతాదంతా 16 మునిసిపాలిటీలు, 20 పట్టణ పంచాయతీలు, 10 పంచాయతీ యూనియన్లలోని 214 గ్రామాలు. ఖాళీ నేల అనుకోకండి. 2001 జనాభా లెక్కల్లో ప్లాను ప్రాంతం మొత్తంలో దాదాపు 70 లక్షల మంది ఉంటే, కార్పొరేషన్‌లో ఉన్నవాళ్ళు 43 లక్షలు. ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు అప్పటికే గీత అవతల కాపురం ఉన్నారు.

తరవాత జరిగింది ఇంకా ముఖ్యం. 2011లో 42 స్థానిక సంస్థల్ని కలుపుకొని కార్పొరేషన్ 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. అంబత్తూరు, మాధవరం, పెరుంగుడి, షోళింగనల్లూరు అన్నీ అప్పుడు లోపలికి వచ్చినవే. ఆ తరవాత ఆవడి, తాంబరం సొంత కార్పొరేషన్లు అయ్యాయి. ఇంత జరిగినా 2022 దాకా ప్లాను గీత 1,189 దగ్గరే ఉండింది. పట్నం పెరిగింది ఆ గీత లోపలే. అంగీ కుట్టించేటప్పుడు ఎదిగే పిల్లవాడికి కాస్త వదులు పెట్టి కుట్టిస్తాం కదా, ప్లాను గీత కూడా అంతే.

ఇది చెన్నైకి మాత్రమే ఉన్న చోద్యం కాదు. 2008లో ఏర్పడిన హైదరాబాదు హెచ్‌ఎండీఏకి సుమారు 7,200 చదరపు కిలోమీటర్లు ఇచ్చారు. అప్పటి జీహెచ్ఎంసీ 650 దాకా ఉండేది. బెంగళూరులో బీబీఎంపీ 700 పైచిలుకు ఉన్న రోజుల్లో బీడీఏ ప్లాను ప్రాంతం 1,300 దగ్గర ఉండేది. అక్కడి మన బంధువుల్ని అడిగినా ఇదే గొడవ చెబుతారు. మేం చెన్నై సంగతే పట్టుకుంటాం, ఎందుకంటే మా కళ్ళ ముందున్నది అదే.

గీత పెద్దదిగా ఎందుకు ఉండాలంటే మాకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది నీళ్ళు. చెన్నై తాగే నీళ్ళు చెన్నైలో పుట్టవు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం అనే నాలుగు జలాశయాలూ 176 చదరపు కిలోమీటర్ల పాత కార్పొరేషన్‌కు బయటే ఉన్నాయి. పూండి అయితే 1,189 గీతకు కూడా అవతలే. మన తెలుగుగంగ నీళ్ళు కండలేరు నుంచి కాలువలో వచ్చి, ఊత్తుకోట దగ్గర తమిళనాడులోకి దిగి, చేరేది ఆ పూండికే. ఆ జలాశయాలకు నీళ్ళు తెచ్చే మెట్ట మీద ఇళ్ళూ ఫ్యాక్టరీలూ కట్టేస్తే నష్టపోయేది మైలాపూరు, టీ నగర్ ఇళ్ళు. కానీ మైలాపూరు కౌన్సిలర్‌కు ఆ మెట్ట మీద అధికారం లేదు. అధికారం ఉన్న పంచాయతీకి మైలాపూరు దాహంతో పని లేదు. ఈ ఇద్దరికీ పైన ఒక ప్లాను ఉంటేనే రెడ్‌హిల్స్ పరివాహక ప్రాంతంలో కట్టడాల మీద ప్రత్యేక ఆంక్షలు పెట్టడం వీలయింది.

తాగేనీళ్ళ సంగతి అలా ఉంటే, వరద నీళ్ళ సంగతి మనం ఒళ్ళు తడుపుకొని నేర్చుకున్నాం. 2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల దాకా నీళ్ళు వదిలారు. అందరూ ఆ అంకె ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు. కానీ అడయారు నది ఆ చెరువు ఒక్కదానితో నిండేది కాదు. తాంబరానికి పడమర ఆదనూరు, మణిమంగళం వైపున ఉన్న గొలుసుకట్టు చెరువులు ఒకదాని అలుగు పారి ఇంకోదాంట్లో పడి, చివరకు అన్నీ ఆ నదిలోకే వస్తాయి. ముడిచ్చూరు, వరదరాజపురం ముందు మునిగాయి, సైదాపేట, కోట్టూరుపురం ఆ తరవాత మునిగాయి. పైన ఒక పంచాయతీలో చెరువు కలుజు ముందర లేఅవుటు వేస్తే, కింద నాలుగు స్థానిక సంస్థలు దాటిన తరవాత ఎవరి ఇంట్లోకో నీళ్ళొస్తాయి. నీటికి పంచాయతీ ఎల్లలు తెలియవు. ప్లాను గీత నీళ్ళు పారే దారిని అనుసరించాలన్నది ఇందుకే.

రెండోది రోడ్డు. వండలూరు నుంచి మీంజూరు దాకా పోయే ఔటర్ రింగ్ రోడ్డు మీలో చాలామంది ఎక్కి ఉంటారు. పొడవు 62 కిలోమీటర్లు. దానికోసం కేటాయించిన జాగా వెడల్పు 122 మీటర్లు, అంటే 400 అడుగులు. అది దాదాపు అంతా పాత కార్పొరేషన్ బయట, ఊరి తరవాత ఊరిలో పోతుంది. వండలూరు నుంచి నెమిలిచ్చేరి దాకా మొదటి భాగం 2014లో, అక్కణ్ణుంచి మీంజూరు దాకా రెండో భాగం 2021లో తెరుచుకుంది. కానీ ఆ దారి కాగితం మీద గీసింది దానికి చాలా ఏళ్ళ ముందు, అవి ఇంకా వరి మళ్ళుగా ఉన్నప్పుడు. అప్పుడే గీయకపోతే ఏమవుతుందో ఊహించండి. ఒక పంచాయతీ దారి వదులుతుంది, పక్క పంచాయతీ అక్కడే ప్లాట్లు వేస్తుంది. ఇళ్ళు లేచాక 400 అడుగుల దారి తేవాలంటే వేల కాపురాలు కూలగొట్టాలి. నష్టపరిహారానికే ఖజానా చాలదు. రోడ్డుకు జాగా చౌకగా దొరికేది పొలంగా ఉన్నప్పుడే. పొలం ఉండేది ఎప్పుడూ పట్నం గీత అవతలే.

మూడోది మనం పైకి చెప్పుకోని కారణం. నియమం ఎక్కడ ఆగిపోతే వ్యాపారం అక్కడ మొదలవుతుంది. కార్పొరేషన్ గీత దగ్గరే లేఅవుటు నియమాలు ఆగిపోతే, ఆ గీత దాటిన మొదటి పొలంలోనే నియమాలు లేని లేఅవుటు పడుతుంది. ఇందులో ఎంత లాభం ఉందో ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాం. ఊరి పేరు, మనిషి పేరు అక్కర్లేదు.

మూడెకరాల పొలం అనుకుందాం. అంటే 300 సెంట్లు, సుమారు 12,140 చదరపు మీటర్లు. అనుమతితో లేఅవుటు వేస్తే సరైన వెడల్పున రోడ్లు వదలాలి. వాటికి ముప్పై శాతం పోయిందనుకోండి, 8,500 మిగులుతుంది. మొత్తం జాగా 10,000 చదరపు మీటర్లు దాటింది కాబట్టి, రోడ్లు పోగా మిగిలినదాంట్లో పదో వంతు ఖాళీ స్థలంగా స్థానిక సంస్థకు రిజిస్టరు దానపత్రంతో ఇచ్చేయాలి. దాన్నే ఇక్కడ ఓఎస్ఆర్ అంటారు. అది 850 చదరపు మీటర్లు, 21 సెంట్లు. మిగిలిన 7,650లో 1,200 చదరపు అడుగుల అర గ్రౌండు జాగాలు 68 వస్తాయి.

ఇప్పుడు అనుమతి లేకుండా వేద్దాం. రోడ్లు ఇరవై శాతానికి కుదించేస్తారు. పార్కు స్థలం అసలు వదలరు. అమ్మడానికి 9,700 చదరపు మీటర్లు దొరుకుతుంది, అంటే 87 జాగాలు. అదే పొలంలో 19 జాగాలు ఎక్కువ! పైగా ఆఫీసు చుట్టూ తిరిగే నెలలు, ఫీజులు మిగులు. రోడ్ల శాతాలు మేం అనుకున్నవే. మీ లెక్కలో కాస్త అటూ ఇటూ కావచ్చు. కానీ తేడా ఎటువైపు ఉంటుందో మారదు.

ఆ 19 జాగాల డబ్బు గాలిలోంచి పుట్టలేదు. కొన్న 87 కుటుంబాల దగ్గర నుంచి వచ్చింది. ఫైరింజన్ తిరగలేని సందు, పిల్లలు ఆడుకోను చోటులేని వీధి, వాన పడితే నీళ్ళు పోను దారిలేని మూల, ఇవన్నీ ఆ 19 జాగాల్లో ఉన్నవే. 2016 అక్టోబరు 20 నుంచి తమిళనాడులో అనుమతి లేని ఇంటి జాగాల రిజిస్ట్రేషన్‌కు అడ్డుకట్ట పడింది. ఆ తేదీకి ముందు పడిన లేఅవుటుల కోసం 2017లో క్రమబద్ధీకరణ నియమాలు తెచ్చారు. మనవాళ్ళు ఎందరో రుసుములు కట్టి, పార్కు స్థలానికి బదులు డబ్బు కట్టి, కాగితం తెచ్చుకున్నారు. కాగితం వచ్చింది కానీ సందు వెడల్పు కాలేదు, పార్కూ రాలేదు. లేఅవుటు వేసినవాడు ఎగ్గొట్టింది కొన్నవాడు కట్టాడు.

అందుకే "మా పంచాయతీ ప్రెసిడెంటు సంతకం పెట్టాడు, ఇంకేం కావాలి?" అనే మాట మేం ఒప్పుకోం. చిన్న ఇళ్ళకు అనుమతులిచ్చే అధికారం స్థానిక సంస్థలకు అప్పగించారు, నిజమే. కానీ పొలాన్ని జాగాలుగా విడగొట్టే లేఅవుటుకు ప్లాను అధికారి ఆమోదం కావలసిందే. "పంచాయతీ అప్రూవ్డ్" అని మాత్రమే రాసిన బోర్డు కనిపిస్తే, దాని అర్థం "అసలు ఆమోదం లేదు" అని చదువుకోండి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, న్యాయమైనదే. గీత అంత పెద్దగా ఉండటం మంచిదైతే, కార్పొరేషన్‌నే అంత పెద్దది చేయవచ్చు కదా? రెండు గీతలెందుకు?

చేయకూడదనే మేం అంటాం. కార్పొరేషన్‌లో కలిపితే ఊరికి పన్ను పెరుగుతుంది, గ్రామీణ ఉపాధి పని పోతుంది, గ్రామసభ పోతుంది. భూగర్భ డ్రైనేజీ, పైపు నీళ్ళు మాత్రం వెంటనే రావు. ఎకరానికి ఒక్క ఇల్లున్న చోట పైపు వేస్తే ఆ ఖర్చు ఎవరూ మోయలేరు. సేవలు అందించడానికి ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉండాలి. ప్లాను వేయడానికి నేల ఇంకా ఖాళీగా ఉండాలి. ఒకే గీత ఈ రెండు పనులకూ సరిపోదు. కాబట్టి మీ ఊరు సీఎండీఏ గీతలోకి వచ్చిందని విని, పంచాయతీ పోయింది, ఉపాధి పని పోయింది అని బెదిరిపోకండి. ప్లాను గీతలోకి వచ్చినంత మాత్రాన పంచాయతీ ఎక్కడికీ పోదు. అదే ప్రెసిడెంటు, అదే గ్రామసభ, అదే పన్ను రసీదు. మారేది నేల వాడకం మీద నియమం ఒక్కటే.

ఇదే మాట తలకిందులు చేసి కూడా గుర్తుపెట్టుకోవాలి. "సీఎండీఏ పరిధిలో ఉంది" అని బ్రోకరు గొప్పగా చెబితే, అక్కడికి నీళ్ళూ డ్రైనేజీ వస్తాయని అర్థం కాదు. ప్లాను అధికారి గీస్తాడు. నీళ్ళిచ్చేది ఇంకో బోర్డు, చెత్త ఎత్తేది పంచాయతీ, రోడ్డు వేసేది ఇంకో శాఖ. పెద్ద గీతకు ఉన్న అసలు జబ్బు ఇదే. పాత మహాబలిపురం రోడ్డు పక్కన షోళింగనల్లూరు, పెరుంగుడి పట్టణ పంచాయతీలుగా ఉన్నప్పుడే అద్దాల మేడలు లేచాయి. ఆరు వరసల రోడ్డు వచ్చింది, టోల్ గేటు వచ్చింది. మురుగు పైపు మాత్రం రాలేదు. వేల కుటుంబాలు ఏళ్ళ తరబడి లారీ నీళ్ళు కొనుక్కున్నాయి, సెప్టిక్ ట్యాంకు లారీలకు డబ్బు పోశాయి. ప్లాను ఉంది, కట్టడానికి అనుమతి ఉంది. ఆ కట్టినవాటికి సేవ చేసే చేతులు మాత్రం ఒక పట్టణ పంచాయతీవి. పక్కనే పళ్ళిక్కరణై చిత్తడి నేలలో పెద్ద పట్నం తన చెత్త పోసుకుంది. పట్నం తనకు అక్కర్లేనిదాన్ని గీత అవతలికి తోయడానికి ప్లాను ఏ అనుమతీ అడగదేమో అనిపిస్తుంది.

కిళాంబాక్కం బస్టాండు కూడా అదే పాఠం చెబుతుంది. కోయంబేడు ఇరుకైపోయింది కాబట్టి దక్షిణం వెళ్ళే బస్సులకు పట్నం బయట చోటు చూడాలి. ఆ ఆలోచన సరైనదే. కార్పొరేషన్ తన గీత లోపల 88 ఎకరాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ప్లాను ప్రాంతం పెద్దది కాబట్టి సీఎండీఏ వండలూరు దగ్గర జాగా చూసి కట్టగలిగింది. 2023 డిసెంబరు 30న తెరిచారు. అయితే పక్కనే రైలు పట్టాలున్నా, అక్కడ రైలు ఆగే స్టేషను అప్పటికి లేదు. అర్ధరాత్రి దిగిన ముసలివాళ్ళు మూటలతో ఆటోవాళ్ళను బతిమాలుకోవలసి వచ్చింది. బస్టాండు కట్టే అధికారం ప్లాను సంస్థది, స్టేషను కట్టవలసింది రైల్వేది. గీత ఒకటైనంత మాత్రాన చేతులు ఒకటి కావు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2018లో ప్లాను ప్రాంతాన్ని ఏకంగా 8,878 చదరపు కిలోమీటర్లకు పెంచుతామని ప్రతిపాదించారు. చర్చలు, అభ్యంతరాల తరవాత 2022 అక్టోబరులో 5,904 దగ్గర ఖాయం చేశారు. తిరువళ్ళూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాల్లోని చాలా ఊళ్ళు, రాణిపేట జిల్లాలోని అరక్కోణం వైపు కూడా ఇందులోకి వచ్చాయి. పాత గీతకు ఇది దాదాపు ఐదు రెట్లు. పూండి ఇప్పుడు లోపలికి వచ్చింది. గొలుసుకట్టు చెరువులు పై నుంచి కింద దాకా ఒకే ప్లానులో పెట్టడానికి మొదటిసారి అవకాశం వచ్చింది. శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలు, వాటి కార్మికులు కాపురం ఉండే ఊళ్ళు ఒకే పటం మీదికి వచ్చాయి. ఇది మంచి పనే అని మేం బాహాటంగా అంటాం. 8,878 అన్నది 5,904కు తగ్గిందంటే, ఈ గీత దేవుడు గీసింది కాదనీ, మనం మాట్లాడితే జరిగే గీతేననీ కూడా తెలుస్తోంది.

కానీ గీత గీయడం వేరు, ప్లాను వేయడం వేరు. రెండో మాస్టర్ ప్లాను కాలం 2026 దాకా. అది వేసింది 1,189కే. మిగతా నేలకు కొత్త ప్లాను వివరంగా రావాలి. సర్వే నంబరు వారీగా ఏది రోడ్డు, ఏది చెరువు, ఏది ఇళ్ళ నేల అని రానంత కాలం, రైతు అమ్ముకోలేక, కట్టుకోలేక ఆగిపోతాడు. లోపాయికారీగా ముందే తెలిసినవాడు మాత్రం రోడ్డు రాబోయే చోట కొనిపెట్టుకుంటాడు. పెద్ద గీత, ఆలస్యమైన ప్లాను, ఈ రెండూ కలిస్తే లాభం బ్రోకరుకే. అలాంటి గీత కన్నా చిన్న గీతే నయం అని ఒక రైతు అంటే ఆయనతో వాదించడం మాకు కష్టం.

ఇంకో మాట. ఈ ప్లానులో మాట్లాడే నోరు ఎవరిది? మహానగర ప్రాంతాలకు ఒక ప్రణాళికా కమిటీ ఉండాలనీ, అందులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా సభ్యుల్ని మునిసిపాలిటీల, పంచాయతీల ప్రజాప్రతినిధులే తమలోంచి ఎన్నుకోవాలనీ రాజ్యాంగం 243జెడ్ఈ అధికరణంలో చెబుతోంది. ప్లాను సంస్థలు మాత్రం మంత్రులు, అధికారులతోనే నడుస్తున్నాయి. 5,904 చదరపు కిలోమీటర్ల గీతలో పంచాయతీకి నియమం పాటించే బాధ్యత ఉంది, నియమం రాసే చోట కుర్చీ లేదు. "వాళ్ళ ప్లాను మాకెందుకు" అనే కోపానికి అసలు వేరు ఇక్కడ ఉందని మా అభిప్రాయం. గీత చిన్నది చేస్తే ఆ కోపం తీరదు. గీత లోపలివాళ్ళకు కుర్చీ వేస్తే తీరుతుంది.

కాబట్టి మన సంఘం తరఫున మేం అడిగేది ఇదీ. కొత్తగా చేరిన ఊళ్ళలో మొదట చెరువులు, వాగులు, కలుజు కాలువల పటం వేసి గ్రామసభలో గోడకు అంటించండి. లేఅవుటులకు అనుమతులు ఇచ్చేది దాని తరవాతే. రోడ్డుకు జాగా కేటాయిస్తే, ఎన్నేళ్ళలో తీసుకుంటారో చెప్పండి, తీసుకోకపోతే వదిలేయండి. రైతు పొలాన్ని ముప్పై ఏళ్ళు గీత కింద కట్టిపడేయకండి. ఇళ్ళకు పెద్ద ఎత్తున అనుమతిచ్చే ముందు నీళ్ళు, మురుగు ఎవరు చూస్తారో ఆ శాఖ చేత రాయించండి. వసూలు చేసిన అభివృద్ధి రుసుము ఆ ఊళ్ళోనే ఖర్చు పెట్టండి.

మనం చేయగలిగింది కూడా ఉంది. జాగా కొనే ముందు పట్టాలో సర్వే నంబరు, సబ్ డివిజన్ నంబరు రాసుకోండి. ఆ నంబరు ఆమోదించిన లేఅవుటు పటంలో ఉందో లేదో చూడండి. ఆమోదం నంబరు అడిగి, ఇచ్చిన ఆఫీసులోనే సరిచూసుకోండి. రోడ్లూ పార్కూ స్థానిక సంస్థకు దానం చేసిన రిజిస్టరు పత్రం నకలు అడగండి. అది లేదంటే పార్కు అని చూపించిన చోటు రేపు ఇంకొకరికి అమ్ముడుపోవచ్చు. సర్వే స్కెచ్‌లో ఆ జాగా పక్కన కాలువ గీత ఉందేమో, ఊరి రికార్డులో ఏరి పోరంబోకు, వాగు పోరంబోకు అని రాసుందేమో వీఏఓని అడగండి. ఇక నేల వాడకం. మాస్టర్ ప్లానులో అది వ్యవసాయ నేలగా ఉంటే, ఇళ్ళ నేలగా మార్చడానికి పత్రికలో ప్రకటన, అభ్యంతరాలు, ప్రభుత్వ గెజెట్ అన్నీ దాటాలి. "మారిపోతుంది సార్" అన్న నోటిమాటకు అడ్వాన్సు ఇవ్వకండి.

పల్లెల్లో ఉన్న మనవాళ్ళకు ఒక మనవి. కొత్త ప్లాను ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగినప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళకండి. మీ ఊరి చెరువు ఎటు అలుగు పారుతుందో, 2015లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో, ఏ బాట మీద బండ్లు పోయేవో మీకు తెలిసినంత ఏ ఆఫీసులోనూ తెలియదు. అది కాగితం మీద రాసి, సర్వే నంబర్లు వేసి, సంతకాలు పెట్టి, రసీదు తీసుకోండి. తమిళంలో రాయడానికి మన కుర్రవాళ్ళు సాయం చేస్తారు. ఆదివారం పూట సంఘం ఆఫీసుకు పత్రాలు తెస్తే కలిసి చూద్దాం.

గీత మీ ఊరిదాకా వచ్చేసింది. దాని లోపల ఏం రాస్తారన్నది ఇంకా తేలలేదు. అక్కడ మన మాట పడాలంటే ఇప్పుడే మాట్లాడాలి.